తప్పిపోయిన గాలిపటం: తొమ్మిది స్లైడ్లలో చిన్న కథ చెప్పడం ఎలా

ఒక్కో స్లైడ్‌కి ఒక ఫొటో, ఒక వాక్యం. అంతే ఉంటుంది ఇన్‌స్టాగ్రామ్‌లో వేలితో పక్కకి జరుపుతూ చూసే కారొసెల్ కథలో. చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది గానీ, నేను మొదటిసారి చేసినప్పుడు పాప గాలిపటం ఎగరేస్తున్న ఫొటో పెట్టి కింద "చిన్ని గాలిపటం ఎగరేస్తోంది" అని రాశా, తర్వాత తెగిపోయిన ఫొటో పెట్టి "గాలిపటం తెగిపోయింది" అని రాశా, అలా పది స్లైడ్లు. అది కథ కాలేదు, ఒకటో తరగతి వాచకంలో బొమ్మలపాఠం అయ్యింది. మా అక్క కూతురు నాలుగో స్లైడ్ దగ్గరే ఫోన్ నా చేతికి ఇచ్చేసింది.

అదే కథని మళ్ళీ మొదట్నుంచి కట్టా, విశాఖలోనే, పెద జాలారిపేటలో ఒక డాబా మీద. అది ఎలా చేశానో వరసగా చెప్తా, మీరు మీ కథకి అదే దారిలో వెళ్ళొచ్చు.

ముందు కథ, ఫోన్ తర్వాత

కాగితం మీద రెండు గడులు గీయండి. ఎడమ గడిలో ఫొటోలో కనిపించేది, కుడి గడిలో వాక్యం చెప్పేది. రాసాక ప్రతి వరసా చదివి ఒక్కటే చూసుకోండి: కుడివైపు మాట ఎడమవైపు బొమ్మలో ఇప్పటికే కనిపిస్తోందా? కనిపిస్తుంటే ఆ వాక్యం కొట్టెయ్యండి. వాక్యం పని ఫొటో చూపించలేనిది చెప్పడం, అంటే అడగని మాట, ఇంట్లో వాళ్ళు అన్నది, పాప మనసులో లెక్క, జేబులో ఉన్న వస్తువు, ఇలాంటివి. ఫొటో పని వాక్యం పలకనిది చూపించడం. రెండిటికీ మధ్య కాస్త ఖాళీ ఉండాలి, చదివేవాళ్ళు ఆ ఖాళీని వాళ్ళే పూరించుకుంటారు, స్వైప్ చేసే వేలు కదిలేది అందుకే.

రెండోది, ఎక్కడ మొదలుపెట్టాలి. నా మొదటి దాంట్లో చీపురు పుల్లలు విరవడం, కాగితం కత్తిరించడం, అన్నం మెతుకులతో అతికించడం, ఇవే మూడు స్లైడ్లు తినేశాయి. నాకు ఇష్టమైన ఫొటోలు అవి, తీసెయ్యడానికి మనసొప్పలేదు. కానీ గాలిపటం పోయిందన్న సంగతి ఐదో స్లైడ్‌లో గానీ రాకపోతే అప్పటిదాకా ఎవరూ ఆగరు. కాబట్టి పోయిన తర్వాత నుంచి మొదలుపెట్టండి. తెగే క్షణాన్ని అసలు చూపించక్కర్లేదు.

మూడోది, ఒక వస్తువుని పట్టుకోండి. ఇక్కడ గాలిపటం తప్పిపోయింది కాబట్టి చాలాసేపు కనపడదు, మరి పాప వెనక మనం ఏం పట్టుకుని వెళ్ళాలి? నేను తోకని పట్టుకున్నా. చీపురు పుల్లలతో ఇంట్లో చేసుకున్న గాలిపటానికి తోక లేకపోతే గిరగిరా తిరిగి కింద పడుతుంది, తోక బరువూ దాని లాగుడూ ఉంటేనే నిలబడుతుంది. అంటే తోక ఊడిపోతే గాలిపటం ఎంతో దూరం పోదు, దొరికినవాళ్ళు మళ్ళీ ఎగరెయ్యాలంటే కొత్త తోక కట్టాల్సిందే. కథ మొత్తం ఈ ఒక్క సంగతి మీద నిలబడింది. మీరు కూడా మీ వస్తువు ఎలా పనిచేస్తుందో చూడండి, కథ మలుపు చాలాసార్లు అందులోనే దొరుకుతుంది.

తొమ్మిది స్లైడ్లు ఇవీ

1. డాబా నేల మీద దారం ఉండ, సగం పైనే మిగిలి ఉంది, కొస పిట్టగోడ మీదుగా అవతలికి వేలాడుతోంది. మనుషులు లేరు.
"దారం అయిపోలేదు, తెగిపోయింది."

2. తాడు మీద ఆరేసిన ఆకుపచ్చ చీర. అంచులో ఒకచోట రెండు వేళ్ళ వెడల్పు ముక్క చింపేసి ఉంది.
"తోక కోసం అమ్మని అడగలేదు."

3. ఊరి వైపు ఆకాశం, అపార్ట్‌మెంట్ల పైన పేపర్ గాలిపటం, మధ్యలో గులాబీరంగు అతుకు, కింద ఆకుపచ్చ తోక.
"సముద్రం మీదకి పోయుంటే బాబాయ్ తెప్ప మీద వెళ్ళేదాన్ని."

4. మెట్ల మీద చిన్న చెప్పులు, ఒకటి బోర్లా పడి ఉంది.
"అన్నం కలిపా రాయే అని అమ్మ అరుస్తూనే ఉంది."

5. పెద్ద అపార్ట్‌మెంట్ గేటు, మూసి ఉంది, పాప ఎత్తు నుంచి తీసిన ఫొటో.
"వాచ్‌మన్ తాత పైకి చూశాడు, నా వైపు చూడలేదు."

6. రెండు మేడల మధ్య సన్నటి ఆకాశం, ఖాళీ.
"ఈ వీధికి నేనెప్పుడూ ఒక్కదాన్నే రాలేదు."

7. మునగ చెట్టు కొమ్మకి చిక్కుకున్న ఆకుపచ్చ గుడ్డముక్క.
"వాసన కూడా అమ్మదే."

8. రాత్రి, లైటు కింద అమ్మ చేతులు, చీర మడత, చిరిగిన అంచు పైకే ఉంది.
"అమ్మ ఏమీ అనలేదు, అదే చీరని రెండుసార్లు మడతపెట్టింది."

9. పొద్దున్న, దూరం డాబా మీద ఎవరో ఎగరేస్తున్న గాలిపటం. గులాబీ అతుకు అదే. తోక ఎర్రది.
"ఆకుపచ్చది నా జేబులోనే ఉంది."

చివరి దాని దగ్గర కొంచెం ఆగుదాం. మొదట "నా గాలిపటానికి ఎర్ర తోక కట్టారు" అని రాశా. ఫొటోలో ఎర్ర తోక కనిపిస్తూనే ఉంది కదా, వాక్యం మళ్ళీ అదే చెప్తే చదివేవాళ్ళకి చెయ్యడానికి ఏం మిగల్లేదు. జేబు మాట పెట్టాక ఏమయ్యిందంటే, చూసేవాళ్ళు ముందు తోక రంగు చూసి ఆగుతారు, తర్వాత వాక్యం చదువుతారు, మళ్ళీ తోక వైపు చూస్తారు, గాలిపటం దొరికిందా పోయిందా అన్నది వాళ్ళకే వదిలేశాం. పాప వెళ్ళి అడుగుతుందా, అడగదా అన్నది కూడా. పదో స్లైడ్ పెట్టి అడిగినట్టు చూపించాలని చాలా లాగింది, పెట్టలేదు, మీరూ పెట్టకండి.

ఆరో స్లైడ్‌లో కూడా ముందు "ఎక్కడా కనపడలేదు" అని ఉండేది, ఖాళీ ఆకాశం కింద. అదీ అంతే, బొమ్మే చెప్పేసింది. ఒక్కదాన్నే రాలేదు అన్నాక మాత్రం అదే ఖాళీ ఆకాశం కాస్త భయంగా కనిపిస్తుంది.

ఎవరి గొంతు

పాప గొంతులోనే రాయండి, "నేను" అని. "చిన్నారి బాధపడింది" అనే గొంతు వస్తే వెంటనే పెద్దవాళ్ళు చెప్తున్న కథ అయిపోతుంది. ఏడేళ్ళ పిల్ల "నాకు బాధేసింది" అని కూడా పెద్దగా అనదు, జరిగింది చెప్తుంది, అన్నం, తాత, చీర, జేబు. బాధ, కన్నీళ్ళు, జ్ఞాపకం అనే మాటలు మొత్తం తొమ్మిదిట్లో ఒక్కటి కూడా లేకుండా చూసుకున్నా. ఇంకో సంగతి, మన తెలుగులో మొదటి స్లైడ్లలోనే "వెళ్ళేదాన్ని" అన్న ఒక్క మాటతో ఆడపిల్ల అని తెలిసిపోతుంది, మొహం చూపించకపోయినా. అబ్బాయి అయితే "వెళ్ళేవాణ్ణి". ఇంత సులువు దొరికినప్పుడు పేరు, వయసు చెప్పడానికి స్లైడ్ ఖర్చుపెట్టకండి.

మొహం ఎక్కడా చూపించకపోవడం కావాలనే. ఒకటి, పిల్లల మొహం ఆన్‌లైన్‌లో పెట్టకుండా పోతుంది, ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నా సరే. రెండు, ఏడుపు మొహం పెడితే అందరూ మొహమే చూస్తారు, చిరిగిన అంచు ఎవరూ చూడరు.

గాలి ఎటు వీస్తోంది

ఇది విశాఖలో తీసేవాళ్ళు తప్పు చేసే చోటు, నేనూ చేశా. నాకు మొదట తోచింది గాలిపటం సముద్రం మీదకి ఎగిరిపోవడం, బీచ్ ఊరు కదా, ఫొటో బావుంటుంది కదా అని. కానీ మధ్యాహ్నం అలా జరగదు. ఎండెక్కాక నేల నీళ్ళ కంటే త్వరగా వేడెక్కుతుంది, ఆ వేడిగాలి పైకి లేస్తే సముద్రం మీద చల్లగాలి ఊళ్ళోకి వస్తుంది. కాబట్టి సాయంత్రం జాలారిపేట డాబా మీద తెగిన గాలిపటం సాధారణంగా అపార్ట్‌మెంట్ల వైపే పోతుంది. సముద్రం మీదకి పోవాలంటే తెల్లవారుజామున, నేల చల్లబడి గాలి అటు తిరిగినప్పుడు ఎగరెయ్యాలి. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకి ఇది లెక్కలు వెయ్యకుండానే తెలుసు, తప్పుగా చూపిస్తే మాట్లాడకుండా కథ వదిలేస్తారు.

అది తెలిసాకే మూడో స్లైడ్ వాక్యం పుట్టింది. సముద్రం ఆ పిల్లకి ఇల్లు లాంటిది, అటు పోతే తెప్ప ఉంది, బాబాయ్ ఉన్నాడు. ఊళ్ళోకి పోతేనే పరాయి. గేట్లు, వాచ్‌మన్, ఎప్పుడూ రాని వీధి, అన్నీ గాలి వల్లే కథలోకి వచ్చాయి.

ఫొటోలు

తొమ్మిదో స్లైడ్ ముందు తీయండి, అదే కష్టం, అది కుదరకపోతే మిగతావి తీసి లాభం లేదు. మేం మొదటిసారి సాయంత్రం ఐదింటికి తీశాం. మనకి సూర్యుడు సముద్రంలోంచి లేచి ఊరి వెనక కొండల వైపు దిగుతాడు, కాబట్టి సాయంత్రం ఊరి వైపు కెమెరా పెడితే ఎదురుగా వెలుగు, గాలిపటం నల్లగా, తోక నల్లగా. ఎర్రది అని తెలిస్తేనే కథ, మరి అది నల్లగా ఉంటే ఏముంది. ఎడిటింగ్‌లో నీడలు పెంచి చూశా, ఆకాశం తెల్లబడి పాలిపోయింది గానీ తోక ఎర్రబడలేదు. మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి, సూర్యుడు మా వీపు వైపు ఉన్నప్పుడు తీస్తే రంగు వచ్చేసింది. కథలో కూడా అది మర్నాటి పొద్దే కాబట్టి సరిపోయింది.

ఇంకో ఇబ్బంది సైజు. అర మీటరు గాలిపటం నలభై మీటర్ల దూరంలో ఉంటే, ఫోన్ మామూలు కెమెరాతో నిలువుగా తీస్తే, 1080 పిక్సెళ్ళ వెడల్పు ఫొటోలో అది సుమారు 15 పిక్సెళ్ళు వస్తుంది, అంటే చుక్క. కంటికి ఎంత పెద్దగా కనిపించినా సరే. పది మీటర్ల దూరానికి దింపించి, ఫోన్‌లో మూడు రెట్ల జూమ్ లెన్స్ ఉంటే దాంతో తీస్తే 150 పిక్సెళ్ళు దాటుతుంది, అప్పుడు అతుకూ తోకా రెండూ తెలుస్తాయి. వెనక డాబా దూరంగానే ఉంటుంది కాబట్టి చూసేవాళ్ళకి గాలిపటం కూడా దూరంగా ఎగురుతున్నట్టే అనిపిస్తుంది. స్క్రీన్ మీద వేళ్ళతో లాగి పెంచే జూమ్ వద్దు, పిక్సెళ్ళు పెరగవు, బొమ్మ అలుక్కుపోతుంది.

ఐదు, ఆరు స్లైడ్లు ఫోన్ నేలకి సుమారు మూడున్నర అడుగుల ఎత్తులో పట్టుకుని తీయండి, పాప కళ్ళ ఎత్తు అది. మన ఎత్తు నుంచి తీస్తే గేటు మామూలు గేటే. చీర ముక్క మాత్రం రెండు, ఏడు, ఎనిమిది స్లైడ్లలో నిజంగా ఒకే చీరది ఉండాలి, వేరే ఆకుపచ్చ పెడితే పిల్లలు పట్టేస్తారు. చెట్టు ఏదైనా సరే గానీ కరెంటు తీగల దగ్గర గుడ్డముక్క తగిలించే పని పెట్టుకోకండి. దారం నూలుదే వాడండి, నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, పక్షుల రెక్కలు కోసేస్తోంది. పిట్టగోడ లేని డాబా మీద పిల్లల్ని పరిగెత్తించకండి, మేం చెప్పుల ఫొటో ఒక్కటీ తీసి పరుగు చూపించాం, పాప మెట్లు కూడా ఎక్కలేదు.

వాక్యం ఫొటో మీద పెట్టడం

సైజు 1080 × 1350, అన్ని స్లైడ్లూ అదే. ఇన్‌స్టాగ్రామ్‌లో మొదటి ఫొటో ఆకారమే మిగతావాటికీ వస్తుంది, ఒకటి చతురస్రం ఒకటి నిలువు పెడితే అంచులు తెగుతాయి, చిరిగిన అంచే కథ అయినప్పుడు అది తెగితే ఇంకేముంది. ప్రొఫైల్ గ్రిడ్‌లో ఇంకొంచెం సన్నగా చూపిస్తుంది, కాబట్టి మొదటి స్లైడ్‌లో రెండు పక్కలా కనీసం 40 పిక్సెళ్ళు వాక్యం రాకుండా వదలండి. కుడివైపు పై మూల 1/9 అని అంకె వస్తుంది, అక్కడా ఏం పెట్టకండి.

ఫాంట్ మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ చాలు, చదవడానికి హాయిగా ఉంటాయి. రామభద్ర లాంటి లావు ఫాంట్ సినిమా పోస్టర్‌కి బావుంటుంది, ఏడేళ్ళ పిల్ల గొంతుకి బరువు. అక్షరం సుమారు 60 పిక్సెళ్ళు. వరసల మధ్య ఎడం అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు పెట్టండి, ఇంగ్లీషుకి పెట్టే ఎడం మనకి సరిపోదు, పై వరస వత్తులు కింది వరస గుడుల మీద ఎక్కి కూర్చుంటాయి. అక్షరాల మధ్య ఎడం సున్నాలోనే ఉంచండి. కొన్ని ఎడిటర్లలో వత్తు విడిపోతుంది, "అమ్మ" అని టైప్ చేస్తే మకి వత్తు పడకుండా పొల్లుతో "అమ్‌మ" అని వస్తుంది. ఫొటోషాప్ పాత వెర్షన్లలో అలా వస్తే `Preferences` లో `Type` కి వెళ్ళి `World-Ready Layout` ఎంచుకుని కొత్త ఫైల్ తెరిస్తే సరవుతుంది.

వాక్యం రెండు వరసలకి విరవాల్సి వస్తే మాట ఆగే చోటే విరవండి. "అమ్మ ఏమీ అనలేదు," ఒక వరస, "అదే చీరని రెండుసార్లు మడతపెట్టింది" ఒక వరస. యాప్‌కి వదిలేస్తే "అమ్మ ఏమీ అనలేదు, అదే" అని పైన పెట్టేస్తుంది, ఆ మౌనం అంతా పోతుంది. చదివేవాళ్ళు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో మీరే బయటికి చదివి చూసుకోండి.

ఎవరికైనా చూపించడం

పోస్ట్ చేసే ముందు ఏమీ చెప్పకుండా ఒక మనిషికి ఫోన్ ఇచ్చి పక్కన కూర్చోండి. "బావుందా" అని అడగకండి, బావుందనే అంటారు. "ఏం జరిగిందో చెప్పు" అనండి, ఏ స్లైడ్ దగ్గర వెనక్కి స్వైప్ చేశారో చూడండి. వెనక్కి వెళ్ళడం రెండు రకాలు. ఆనందంగా సరిచూసుకోడానికి వెళ్ళడం ఒకటి, అర్థంకాక వెళ్ళడం ఒకటి, మొహం చూస్తే తెలిసిపోతుంది.

మా అక్క కూతురు చివర్లో, "ఇది వేరే గాలిపటం కదా పిన్నీ, తోక వేరే ఉంది" అంది. నిజమే, అప్పటికి గులాబీ అతుకు లేదు, మూడో స్లైడ్‌లోనూ తొమ్మిదిలోనూ ఉత్త పేపర్ గాలిపటమే, అన్ని పేపర్ గాలిపటాలూ ఒకేలా ఉంటాయి. నా బుర్రలో అది అదే గాలిపటం కాబట్టి నాకు కనపడలేదు. గులాబీరంగు కాగితం చతురస్రంగా కత్తిరించి మధ్యలో అతికించి, ఆ రెండు ఫొటోలూ మళ్ళీ తీశాం. మళ్ళీ చూపిస్తే తొమ్మిదో స్లైడ్ మీద వేలు ఆపి కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత, "వాళ్ళకి తెలీదు కదా ఇది దీనిదని" అంది.

ఇంకొకటి చూసుకోవాలి. మొదటిసారి స్వైప్ చెయ్యకుండా దాటేసినవాళ్ళకి ఇన్‌స్టాగ్రామ్ అదే పోస్ట్‌ని మళ్ళీ రెండో స్లైడ్ నుంచి చూపిస్తుంటుంది. అంటే రెండో స్లైడ్ కూడా కథకి గుమ్మమే. అందుకే చీర ఫొటో అక్కడ పెట్టా, "తోక కోసం అమ్మని అడగలేదు" అన్నది ఒక్కటే చూసినా దేని తోక, ఎందుకు అడగలేదు అనిపిస్తుంది. ముందు అక్కడ చెప్పుల ఫొటో ఉండేది, ఒంటరిగా చూస్తే అదేంటో అర్థమయ్యేది కాదు.

కళ్ళు కనపడనివాళ్ళు ఫోన్ చదివిస్తే వింటారు, ఫొటో మీద రాసిన అక్షరాలు అందులో సరిగ్గా రావు. పోస్ట్ చేసేటప్పుడు ప్రతి ఫొటోకీ ఆల్ట్ టెక్స్ట్, అంటే ఫోన్ వాళ్ళకి చదివి వినిపించే వివరణ, రాసే చోటు ఉంటుంది, పైన మీరు గీసుకున్న రెండు గడులూ అక్కడికి పనికొస్తాయి, ఎడమ గడి ముందు, కుడి గడి తర్వాత. తొమ్మిదో దానికి "గులాబీ అతుకున్న పేపర్ గాలిపటం, ఎర్ర తోక" అని రాసి ఆ తర్వాతే జేబు వాక్యం రాయండి, వినేవాళ్ళకి కూడా అదే వరసలో అందాలి.

క్యాప్షన్‌లో నేను ముందు ఒక పేరా రాశా, అమ్మ ఎందుకు తిట్టలేదో వివరిస్తూ. మొత్తం తీసేసి "పెద జాలారిపేట, జనవరి" అని మాత్రం ఉంచా.